నెలకు 105 వదిలి 347 ఎందుకు ఎంచుకున్నానంటే

ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. పీఎఫ్ లేదు, జీతం చీటీ లేదు. ముప్పై ఏళ్లు వచ్చాక పెన్షన్ సంగతి కనుక్కోవడం మొదలుపెట్టాను.

నా వయసులో శ్రమయోగి మాన్‌ధన్ అనే పెన్షన్ పథకంలో చేరితే నెలకు 105 రూపాయలు కట్టాలి. కేంద్రం కూడా అంతే వేస్తుంది. అరవై దాటాక నెలకు 3,000 ఇస్తారు. అటల్ పెన్షన్ యోజనలో అదే 3,000 కావాలంటే నెలకు 347. ఇంక ఆలోచించేదేముంది, 105దే తీసుకో అన్నారందరూ.

ఆలోచించేది ఉంది. మాన్‌ధన్‌లో పెన్షన్ మొదలయ్యాక మనిషి పోతే భర్తకో భార్యకో సగం పెన్షన్ ఇస్తారు, అంతటితో సరి. పిల్లలకు ఏమీ రాదు. నాకు భర్త లేడు, ఒక కూతురు ఉంది. అరవై ఒకటో ఏట నేను పోతే ఆ డబ్బంతా పథకంలోనే ఉండిపోతుంది. అటల్‌లో అయితే 3,000 పెన్షన్‌కు నామినీకి దాదాపు 5.1 లక్షలు దక్కుతాయి. భర్త ఉండుంటే నేనూ 105 వైపే మొగ్గేదాన్నేమో.

బ్యాంకులో నా ఫారంలో పెన్షన్ 1,000 అని అప్పటికే రాసేశారు. ఆ లెక్కన నెలకు 116. "తర్వాత పెంచుకోవచ్చులేమ్మా" అన్నారు. నిజమే, ఏడాదికోసారి పెంచుకోవచ్చు. కానీ గడిచిన నెలల తేడా మొత్తం వడ్డీతో కట్టాలి. అందుకే అక్కడే 3,000 అని మార్పించాను. పాప మైనరు కాబట్టి నామినీ వివరాల్లో గార్డియన్‌గా మా అన్నయ్య పేరు రాయించాను. సంతకం పెట్టేముందు ఈ రెండు గడులూ చూసుకోవాలి.

తర్వాత ప్రాన్ అనే పెన్షన్ ఖాతా నంబరు వచ్చింది. వాయిదా సేవింగ్స్ ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఒక నెల పని లేక ఖాతాలో డబ్బు చాలలేదు. పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే ఆ నెల వాయిదా లైను కనబడలేదు. భయపడ్డాను గానీ పథకం రద్దు కాలేదు. ఆలస్యమైన ప్రతి వందకీ, వందలో భాగానికీ నెలకు ఒక రూపాయి అదనం, అంటే 347కి నాలుగు. మరుసటి నెల రెండు వాయిదాలూ కలిపి 698 పోయాయి. ఆ నాలుగు రూపాయలూ మన పెన్షన్ ఖాతాలోకే చేరతాయి. ఇప్పుడు నెలలో మొదట వచ్చిన కుట్టుకూలి నేరుగా బ్యాంకులో వేస్తున్నాను.

నాకున్న బెంగ ఒక్కటే. ధరలు ఎంత పెరిగినా ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ 3,000 మూడు వేలే. అందుకే తేడా బకాయి పెరగకముందే 4,000కు మార్చుకోవాలని ఉంది. నెలకు ఇంకో 115 పడుతుంది, కొత్త ఆర్థిక సంవత్సరంలో అడుగుతాను.