ఎక్కడి పని అక్కడ ఆపవద్దు

బుధవారం, గుణుపూర్

పొద్దున తొమ్మిదిన్నరకు బ్లాకు ఆసుపత్రి డాక్టరుగారు ఫోను చేశారు. కొండమీది సవర గ్రామంలో సోమవారం రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. పదిమందికి పైగా పడ్డారు, ఇద్దరికి సెలైను పెట్టి కిందికి దించారు. "కలరా అవునో కాదో పరీక్ష ఫలితం వస్తే తెలుస్తుంది. బావుల పని అంతవరకు ఆగదు. మీ వాళ్ళు ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నారు కదమ్మా, అటు మళ్ళించండి" అన్నారు.

మా సంస్థలో నా కింద పనిచేసేవాళ్ళు ఎనిమిది మంది. నలుగురు రెండు జట్లుగా మరుగుదొడ్లు, తాగునీటి మీద ఇంటింటి సర్వేలో ఉన్నారు. ఇద్దరు బావుల నుంచి నీటి నమూనాలు తీస్తున్నారు. మిగిలిన ఇద్దరు ఆఫీసులో రేపటి మహిళా సంఘం సమావేశానికి సరంజామా సర్దుకుంటున్నారు. సర్వే శనివారానికి ముగించి, నిధులిచ్చే సంస్థకు పంపాలి. వారం మధ్యలో బండి పట్టాలు మార్చడమంటే ఇదే.

ఫోను పెట్టగానే అందరికీ "పని ఆపండి, అత్యవసరం" అని పంపేయాలనిపిస్తుంది. పంపలేదు. ఇరవై నిమిషాలు కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆపమన్న మాట ఒక్కటే అయినా అది చేరేది రకరకాల పనుల్లో ఉన్నవారికి. కొన్ని పనులు ఎక్కడ ఆపినా పాడు కావు. కొన్ని ఒక దరికి చేరాకే ఆపాలి. కొన్నిటిని ఆపితే చేసినదంతా వృథా. ఎవరి చేతిలో ఏది ఉందో చూసుకోకుండా ఆపమంటే రేపు రెండు పనులూ చెడతాయి.

చివరికి పంపినది ఇది. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి.

"ఈ రోజు మధ్యాహ్నం 12 గంటల నుంచి ఇంటింటి సర్వే ఆపుతున్నాం. కొండమీది గ్రామంలో విరేచనాలు ప్రబలాయి, బావుల్లో మందు కలపాలి. ఇప్పుడు కూర్చున్న ఇంటి ఫారం పూర్తి చేయండి, తరువాతి ఇంటికి వెళ్ళవద్దు. నమూనాలు తీసిన జట్టు ఆగవద్దు, నేరుగా ప్రయోగశాలకు వెళ్ళాలి. సర్వే జట్లు రెండూ, మీరున్న ఊళ్ళో వాడకంలో ఉన్న ప్రతి బావి వెడల్పు, నీటి లోతు కొలిచి 4 గంటలలోపు నాకు పంపండి. శనివారం గడువు రద్దు, కొత్త తేదీ నేనే చెబుతాను. పని ఆగిన రోజులకు ఫారాల లెక్క చూడకుండా రోజు భత్యం ఇస్తాం. సాయంత్రం 6 గంటలకు మళ్ళీ రాస్తాను. జవాబుగా 'సరే' వద్దు. ఏది ఆపారో, ఎక్కడ ఉన్నారో రాయండి."

ఇందులో నేను ఎక్కువసేపు ఆలోచించినది భత్యం వాక్యం. సర్వే చేసేవారికి మేము ఫారానికి ఇంత అని ఇస్తాం. అలాంటి మనిషికి ఆపమని చెప్పడం అంటే ఈ పూట సంపాదన వదులుకోమనడమే. ఆ సంగతి ఎత్తకుండా ఎంత అత్యవసరమని రాసినా, మనిషి ఇంకో రెండిళ్ళు చూసుకొనే కదులుతాడు. అతన్ని తప్పుపట్టలేం, ఇంట్లో పొయ్యి వెలగాలి. శనివారం గడువూ అంతే. దాన్ని నేను నోటితో ఎత్తివేయకపోతే వాళ్ళ మనసులో అది అలాగే ఉంటుంది. పగలు బావుల దగ్గర తిరిగి, రాత్రి కూర్చుని ఫారాలు నింపుతారు. ఇళ్ళకు వెళ్ళకుండా నింపిన ఫారం ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనవసరం లేదు. ఒకే పూటలో పది ఇళ్ళవాళ్ళు ఒకేలా జవాబు చెప్పినట్టు కనిపిస్తే అదేమిటో తెలిసిపోతుంది.

గడువు రద్దు చేయడానికి ముందు నిధుల సంస్థకు ఫోను చేశాను. మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. వాళ్ళ అంగీకారం వచ్చేదాకా మాత్రం ఆగలేదు. ఆ మాటపడేది నేను, జట్టు కాదు. ఎవరి మీద ఏ భారం ఉండాలో అది ఆ చోటనే ఉంచితే కింద పనిచేసేవారికి చేతులు ఆడతాయి.

కూర్చున్న ఇల్లు పూర్తి చేయమన్నది మర్యాద కోసం మాత్రమే కాదు. సగంలో వదిలేసిన ఫారం ఫోనులో అలాగే నిలిచి ఉంటుంది, నిజమే. కానీ మళ్ళీ వెళ్ళేసరికి ఆ ఇల్లాలు నాట్లకు పోయి ఉంటుంది, మామగారు జవాబు చెబుతారు. మొదటి సగం ఒకరి మాట, రెండో సగం ఇంకొకరి మాట. ఆ ఫారం చెత్తబుట్టకే.

నమూనాల జట్టు సంగతి వేరు. క్రిములు ఉన్నాయో లేదో చూడటానికి తీసిన నీళ్ళు మంచుపెట్టెలో పెట్టి ఆరు గంటల్లో ప్రయోగశాలకు చేరిస్తే మంచిది. ఎంత చల్లగా ఉంచినా రోజు దాటితే ఆ ఫలితాన్ని నమ్మడానికి లేదు. పైగా ఈ రోజు ఆ సీసాలకు విలువ పెరిగింది. వాళ్ళు తిరిగిన ఊళ్ళు కూడా ఆ కొండ కిందివే. కాబట్టి అందరికీ 'ఆపండి' అన్న పూటే వాళ్ళకు 'ఆగవద్దు' అని చెప్పాల్సి వచ్చింది. ఆ వాక్యం విడిగా రాయకపోతే, మంచి పిల్లలు కనుక, పెట్టె దించి ఎక్కడికక్కడ నిలబడిపోయేవారు.

బావులు కొలవమన్నది ఎందుకంటే, పాత పని వదిలిన చేతికి వెంటనే ఇంకో పని అందాలి. అది ఆఫీసుకు రాకుండా, సమావేశం పెట్టుకోకుండా, ఉన్నచోటనే మొదలుపెట్టగలిగేదై ఉండాలి. తాడు, కొలత టేపు అందరి సంచుల్లో ఉన్నాయి. మాకు ఆ అంకెలు లేకపోతే మందు ఎంత కావాలో తెలియదు. ఒక జట్టు మధ్యాహ్నం పంపిన బావి రెండు మీటర్ల వెడల్పు, నీళ్ళు మూడు మీటర్లు. వెడల్పును వెడల్పుతో, మళ్ళీ లోతుతో, మళ్ళీ 3.14తో హెచ్చించి నాలుగుతో భాగిస్తే 9.42 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 9,400 లీటర్లు. మామూలు లెక్కన వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు, కాబట్టి ఆ బావికి 24 గ్రాములు. వానాకాలం బురదనీళ్ళు మందును ముందే తినేస్తాయి. అందుకే లెక్క మొదటి మెట్టు మాత్రమే. మందు కలిపిన గంట తరువాత పరీక్ష చేసి లీటరుకు కనీసం అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడాలి, లేకపోతే మళ్ళీ కలపాలి. పౌడరు తెరిచిన సంచిలో చాలాకాలం ఉన్నదైతే అసలు బలమే ఉండదు.

సందేశం పంపిన తరువాత అసలు కథ. ఆఫీసులో ఉన్నవారు చదివారు, ఒక సర్వే జట్టు పది నిమిషాల్లో జవాబిచ్చింది, నమూనాల జట్టు బస్సులో ఉండి ఫోను చేసింది. రెండో సర్వే జట్టుకు సందేశం చేరనే లేదు. ఫోనులో ఒకటే టిక్కు గుర్తు, ఒంటరిగా. ఆ లోయలో సిగ్నలు ఉండదని తెలుసు కనుక దాన్ని చూస్తూ కూర్చోలేదు. అదే సందేశాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి డ్రైవరు చేతికిచ్చి పంపాను. దారిలో ఆశా కార్యకర్త ఇంట్లోనూ ఒక కాగితం ఇవ్వమన్నాను, వాళ్ళు కనిపిస్తే ఆవిడ చెబుతుంది. డ్రైవరుకు నోటిమాటగా చెప్పి పంపలేదు. నోటిమాట నాలుగు మలుపులు తిరిగేసరికి 'బావులు మూసేయమన్నారట' అవుతుంది, తరువాత ఊరంతా వాగు నీళ్ళకు పరుగెడుతుంది.

మహిళా సంఘం సమావేశం దగ్గర వాదన జరిగింది. రద్దు చేద్దామని నేననుకున్నాను. మా యానిమేటర్లలో పెద్దావిడ ఒప్పుకోలేదు.

"అక్కా, నాట్ల రోజుల్లో కూలి మానుకొని వస్తామన్నారు. ఇప్పుడు వద్దంటే ఇంకోసారి రారు. అదీకాక వాళ్ళ ఊరు ఆ వాగుకు కిందనే ఉంది."

ఆ రెండో మాటకు నేను ఆలోచనలో పడ్డాను. పై ఊళ్ళో బట్టలు ఉతికిన నీళ్ళు అటే దిగుతాయి. "సరే, పెట్టండి. పొదుపు లెక్కలు వద్దు. అరగంటలో ముగించండి. నీళ్ళు కాచి తాగడం, ఓఆర్ఎస్ కలిపే తీరు, బిడ్డకు ఎప్పుడు ప్రమాదమో చెప్పండి. చాలు" అన్నాను. ప్యాకెట్టును లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. బిడ్డకు గ్లాసుడే చాలునని ఆ గ్లాసు నీళ్ళలో ప్యాకెట్టంతా పోసేస్తారు, అలా ఉప్పు ఎక్కువైతే లేని కష్టం తెచ్చుకున్నట్టే. రెండో యానిమేటరు మాత్రం ఆసుపత్రికి వెళ్ళి బ్లీచింగ్ పౌడరు, జింకు బిళ్ళలు తెస్తుంది. ఈ మార్పును కూడా అందరికీ రాశాను. నేను అన్నీ ఆపమని, పక్కవాళ్ళు సమావేశం పెట్టుకుంటుంటే మిగిలినవారికి అనుమానం వస్తుంది కదా.

నాలుగు గంటలకు ఒక జట్టు అంకెలు వచ్చాయి. లోయలోని జట్టు అయిదున్నరకు సిగ్నలు దొరికే మలుపు దగ్గర నుంచి ఫోను చేసింది. కాగితం ఒంటిగంటకే అందిందట, అప్పటికి ఏడో ఇంట్లో ఉన్నారట. ఆ ఇల్లు ముగించి కొలతలు మొదలుపెట్టారు. ఒక చెలమ వెడల్పు కొలవడానికి అంచు లేదని, ఎలా రాయాలని అడిగారు. నీళ్ళు ఎంత దూరం పరుచుకున్నాయో అడుగులేసి చూడమన్నాను. అలాంటి వాటికి మందు లెక్క నిలవదు, ఊట ఊరుతూనే ఉంటుంది. ఆ ఇళ్ళకు కుండలోనే క్లోరిన్ బిళ్ళ వేసుకోవడం మేలు, అవి రేపు ఆశా దగ్గర నుంచి తీసుకోవాలి.

ఆరుగంటల సందేశం ఆరుకే పంపాను, చెప్పేది తక్కువే అయినా. ఏయే బావులు అయ్యాయి, ఏవి మిగిలాయి, రేపు ఏడుగంటలకు ఎవరు ఎక్కడ. సర్వే ఎప్పుడు మళ్ళీ మొదలవుతుందో తెలియదు, తెలియదనే రాశాను. శుక్రవారం మధ్యాహ్నం డాక్టరుగారితో మాట్లాడి నిర్ణయిస్తామని, ఆ రోజు రెండు గంటలలోపు ఆగడమో మొదలుపెట్టడమో చెబుతామని మాత్రం రాశాను.

రాత్రి తొమ్మిదికి నిధుల సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఒక వారం ఇచ్చారు. ఆపిన ఫారాల జాబితా, ఆపిన కారణం, ఒక్కొక్క ఊరికి విడిగా పట్టికలో కావాలట. రేపు పొద్దునే ఆ పట్టిక నేనే కూర్చుని నింపుతాను, జట్టును మాత్రం అడగను.