రెండు కార్లలో ఏది చవక: ఏడాది ఖర్చు లెక్క వేసిన తీరు

కొందామని చూసిన కార్లలో చివరికి మిగిలినవి ఒక మామూలు పెట్రోలు కారు, ఒక హైబ్రిడ్. రెండింటికీ ఏడాదికి పెట్రోలు, ఇన్సూరెన్స్, పన్ను కలిపి ఎంతవుతుందో తేల్చడమే పని. సర్వీసింగ్ ఖర్చు రెండింటికీ దగ్గరదగ్గరగానే ఉండడంతో లెక్కలోకి తీసుకోలేదు. పెట్రోలు లీటరు 100 రూపాయలు అనుకున్నాను. మిగతా ఖర్చులు కూడా రూపాయల్లోనే. మీ అంకెలు వేరుగా ఉన్నా, లెక్క నడిచే దారి మారదు.

మొదట కావాల్సింది ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామన్నది. ఇది అందాజుగా చెప్పుకుంటే ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. పాత కారు ఓడోమీటర్ 46,800 చూపిస్తోంది, కొని 62 నెలలైంది. భాగిస్తే నెలకు 755, అంటే ఏడాదికి సుమారు 9,000. నోటికి వచ్చిన అంకె 12,000.

తరవాత మైలేజీ. కంపెనీ చెప్పే అంకె ల్యాబ్ పరీక్షది. డ్యాష్‌బోర్డు చూపేది కూడా చాలా కార్లలో కాస్త ఎక్కువే ఉంటుంది. అందుకే ఆ కార్లు నడుపుతున్నవాళ్లు ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి రాసిపెట్టుకున్న లెక్కలే తీసుకున్నాను. అక్కడా ఒక తప్పు తరచూ దొర్లుతుంది. ఒక రికార్డులో ఓడోమీటర్ 12,410 దగ్గర 35 లీటర్లతో ట్యాంక్ నింపారు, ఆ తరవాత 14,090 వచ్చేలోపు మరో 140 లీటర్లు పోశారు, చివరిసారి మళ్లీ ఫుల్. తిరిగింది 1,680 కిలోమీటర్లు. మొదటి 35 లీటర్లు అంతకుముందు తిరిగిన దూరానివి కాబట్టి వాటిని వదిలేయాలి. 1,680ని 140తో భాగిస్తే లీటరుకు 12. ఆ 35 కూడా కలిపితే 9.6 వచ్చి కారు మీద లేనిపోని నింద పడుతుంది. ఒక్క ట్యాంకు లెక్కనైతే అసలు నమ్మకూడదు. పంపు ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా కట్ అయితే ఒకట్రెండు లీటర్ల తేడా వచ్చేస్తుంది. నాలుగైదు ట్యాంకులు కలిపితే అది సర్దుకుంటుంది.

ఊళ్లో, హైవే మీద మైలేజీ విడివిడిగా చూడకపోతే హైబ్రిడ్ సంగతి అర్థం కాదు. పెట్రోలు కారు ఊళ్లో 12, హైవే మీద 18. హైబ్రిడ్ ఊళ్లో 22, హైవే మీద 20. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి బ్యాటరీలోకి తిరిగి వస్తుంది కాబట్టి ఇది ఊళ్లోనే మెరుస్తుంది. సగం ఊరు, సగం హైవే అనుకుని 12, 18ల సగటు 15 అనేస్తే తప్పు. కలపాల్సింది మైలేజీని కాదు, లీటర్లను. 9,000లో సగం 4,500. దాన్ని 12తో భాగిస్తే 375, 18తో భాగిస్తే 250, మొత్తం 625 లీటర్లు. సగటు 15 వేసుకుంటే 600 అని వచ్చేది. హైబ్రిడ్‌కి ఇదే పద్ధతిలో 430 లీటర్లు. తేడా 195 లీటర్లు, అంటే 19,500.

ఇన్సూరెన్స్ కొటేషన్లు మొదట 22,000, 34,000 వచ్చాయి. చూడగానే హైబ్రిడ్ మీద ఆశ పోతుంది. కానీ రెండూ ఒకే పాలసీకి ఇచ్చినవి కావు. హైబ్రిడ్ కొటేషన్‌లో, విడిభాగాలు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టని జీరో డిప్రిసియేషన్ కవర్ ఉంది, మొదటిదాంట్లో లేదు. పైగా మొదటిదాంట్లో కారు విలువ తగ్గించి చూపారు. అలా చేస్తే ప్రీమియం తగ్గుతుంది, కారు పోయిన రోజు చేతికొచ్చేదీ తగ్గుతుంది. రెండింటికీ అవే కవర్లు, క్లెయిమ్‌లో మనం భరించే వాటా ఒకటే, కారు విలువ దాని అసలు ధరకు తగ్గట్టు పెట్టి మళ్లీ అడిగితే 24,000, 31,000 అయ్యాయి. తేడా 7,000.

పన్ను ఏటా కట్టేదైతే నేరుగా వేసుకోవచ్చు. ఇక్కడ తీసుకున్నది రిజిస్ట్రేషన్‌లో ఒకేసారి కట్టే పన్ను: పెట్రోలు కారుకు 1,00,000, హైబ్రిడ్‌కి 1,40,000. కారు ఎన్నేళ్లు ఉంచుకుంటామో దాంతో భాగించాలి. 8 ఏళ్లకైతే ఏడాదికి 5,000 తేడా, 4 ఏళ్లకే అమ్మేస్తే 10,000.

8 ఏళ్ల లెక్కలో హైబ్రిడ్ ఏడాదికి పెట్రోల్లో 19,500 మిగిల్చి, ఇన్సూరెన్స్, పన్నుల్లో 12,000 వెనక్కి తీసుకుంటుంది. మిగిలేది 7,500. కిలోమీటరుకు మిగిలేది సుమారు 2.17 కాబట్టి, ఆ 12,000 రాబట్టాలంటే ఏడాదికి 5,540 కిలోమీటర్లు తిరగాలి. 4 ఏళ్లకే అమ్మితే ఆ గీత 7,850కి జరుగుతుంది. మా 9,000కి అది చాలా దగ్గర. తిరుగుడు ఎక్కువగా హైవే మీదే అయితే హైబ్రిడ్‌కి ఆ మాత్రం లాభం కూడా ఉండదు.

ఏడాదికి 7,500 అంటే 8 ఏళ్లకు 60,000. కొనే ధరల్లోని తేడాలోంచి, అమ్మేటప్పుడు హైబ్రిడ్‌కి అదనంగా వచ్చేది తీసేశాక మిగిలింది 60,000 దాటితే పెట్రోలు కారే చవక.