మా ఐపీలను పాత కంపెనీ వదలని వేళ: టెక్కలి, పలాసల్లో నెట్ పోయిన నా అనుభవం

శ్రీకాకుళంలో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థకి నెట్‌వర్క్ పని చూస్తాను. ఈ మధ్య మేం బ్యాండ్‌విడ్త్ తీసుకునే పెద్ద కంపెనీని మార్చాం. మన దేశంలో ఐపీలు, ఏఎస్ నంబర్లు కేటాయించే ఇర్రిన్‌లో సొంత ఏఎస్ నంబరు, అంటే ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్క్‌ని గుర్తించే నంబరు, తెచ్చుకోవడం, కొత్త లింకు వేయించడం, ఏ ఐపీలు ఎక్కడున్నాయో నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి చెప్పుకునే బీజీపీని రౌటర్లో కట్టడం ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. ఆ తర్వాత జరిగింది మాత్రం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

మాకు ఉన్నది ఒక /22, అంటే 1024 ఐపీలు. అందులో నాలుగు /24 ముక్కలు ఉంటాయి. మూడో ముక్క టెక్కలి, పలాస వైపు కస్టమర్లందరికీ వాడతాం. పాత కంపెనీతో ఉన్నప్పుడు మాకు సొంత ఏఎస్ లేదు కాబట్టి, ఈ నాలుగు ముక్కల్నీ వాళ్ళే తమ ఏఎస్ నంబరుతో ప్రపంచానికి ప్రకటించేవారు. ఇక్కడ మా అసలు నంబర్లు రాయను. ఉదాహరణల కోసమే కేటాయించిన నంబర్లు వాడుతున్నాను: మూడో ముక్క 203.0.113.0/24, మా ఏఎస్ AS64500, పాత కంపెనీది AS64510.

కొత్త లింకు మీదకి మారిన రోజు సాయంత్రం శ్రీకాకుళం, ఆమదాలవలస బాగున్నాయి, టెక్కలి, పలాసల్లో నెట్ లేదు. పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి ఫోన్: "ఏటి బాబూ, ఎగుమతి బిల్లు పంపాలి, నెట్టు ఒస్తాదా నేదా?" ఫైబర్ తెగిందేమోనని లైన్‌మెన్ పరిగెత్తారు. ఫైబర్ లైన్లన్నీ కలిసే మా ఓఎల్టీ పెట్టెలో లైట్ లెవెల్ చక్కగా ఉంది. కస్టమర్ దగ్గర నుంచి మా రౌటర్‌కి పింగ్ వస్తోంది, గూగుల్‌కి మాత్రం పోవడం లేదు. బయట మాకున్న ఒక సర్వర్‌లో ప్యాకెట్లు పట్టి చూస్తే విషయం బయటపడింది. టెక్కలి నుంచి పంపినవి అక్కడికి చేరుతున్నాయి, సర్వర్ జవాబూ ఇస్తోంది. ఆ జవాబు మాత్రం మా దాకా రావడం లేదు. వెళ్ళే దారి బాగుండి తిరిగి వచ్చే దారి పోయిందంటే, మన ఐపీలు ఇంకెక్కడో ఉన్నాయని ప్రపంచం అనుకుంటోందన్న మాట.

బయటి రౌటర్‌కి ఏ దారి కనిపిస్తోందో చూపే, అందరికీ తెరిచి ఉంచిన ఒక లుకింగ్ గ్లాస్‌లో చూశాను:

```
show ip bgp 203.0.113.0/24
```

దారి చివర AS64510 ఉంది, మా పాత కంపెనీ. మిగతా మూడు ముక్కల ప్రకటనలు తీసేసి, దీన్ని మాత్రం అలాగే వదిలేశారు. మేం ప్రకటించింది మొత్తం /22. రౌటర్లు ఎప్పుడూ ఎక్కువ కచ్చితమైన, అంటే చిన్న ముక్క దారినే ఎంచుకుంటాయి. కాబట్టి ఆ 256 ఐపీలకి వెళ్ళేదంతా పాత కంపెనీకే పోయేది. అక్కడ మా లింకు లేదు కనుక అక్కడే పడిపోయేది. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌కి జరిగింది కూడా ఇదే. వాళ్ళది 208.65.152.0/22. యూట్యూబ్‌ని తమ దేశంలో ఆపబోయి పాకిస్తాన్ టెలికాం 208.65.153.0/24 ప్రకటించింది, వాళ్ళకి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే పై కంపెనీ దాన్ని వడపోయకుండా బయటికి పంపేసింది. దాంతో ప్రపంచంలో చాలాచోట్ల సుమారు రెండు గంటలు యూట్యూబ్ ఆగిపోయింది.

పాత కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తినాయన వినకుండానే "మీ ఫైబర్ చెక్ చేసుకోండి సార్" అన్నాడు. లుకింగ్ గ్లాస్ ఫలితం మెయిల్ పెడితే, "ఈ ఐపీలు మీవే అని లెటర్‌హెడ్ మీద రుజువు పంపండి" అని జవాబు. నిన్నటిదాకా మా దగ్గర డబ్బు తీసుకుని ఆ ఐపీలనే ప్రకటించినవాళ్ళు మమ్మల్ని రుజువు అడుగుతున్నారు! పంపాను. "మీరు ఇప్పుడు మా కస్టమర్ కాదు, టికెట్ తెరవలేం" అన్నారు. మా కస్టమర్ల ముందు మేం దొంగల్లా నిలబడాల్సి వచ్చింది. చాలా ఆలస్యంగా వాళ్ళ సీనియర్ ఇంజనీరు ఒకాయన అసలు సంగతి చెప్పాడు. లింకు ఊగినా ప్రకటన ఆగకూడదని వాళ్ళ రౌటర్‌లో ఇలాంటి లైను రాసి ఉంచుతారట:

```
ip route 203.0.113.0 255.255.255.0 Null0 250
```

మా లింకు తీసేశాక కూడా, వచ్చిన ప్యాకెట్లని పారేసే ఈ చెత్తబుట్ట రూట్ బతికే ఉంది కాబట్టి, ప్రకటనా బతికే ఉంది.

ఈలోగా నేను ఊరుకోలేదు. మేమూ అదే /24ని ప్రకటించాం. రెండూ ఒకే కొలతవి అయ్యేసరికి, ప్రతి నెట్‌వర్కూ తనకి దగ్గరైన దారి ఎంచుకుంది. పలాసలో కొన్ని సైట్లు వచ్చాయి, కొన్ని రాలేదు. ఇంకా చిన్న ముక్క, /25, ప్రకటిద్దామంటే /24 కంటే చిన్నవాటిని చాలా నెట్‌వర్క్‌లు తీసుకోవు.

అప్పుడు, ఐపీల ప్రకటనల్ని డిజిటల్ సంతకాలతో సరిచూసే ఆర్‌పీకేఐ వైపు వెళ్ళాం. ఫలానా ఐపీల్ని ఫలానా ఏఎస్ మాత్రమే ప్రకటించవచ్చని ఆ ఐపీల సొంతదారు డిజిటల్ సంతకంతో ఇచ్చే పత్రం రోవా. అప్పటివరకు మా ఐపీలకి ఏ రోవా లేదు, కాబట్టి పాతవాళ్ళ ప్రకటన 'నాట్ ఫౌండ్' కింద పడేది. అలాంటివాటిని ఎవరూ ఆపరు. రోవా ఉంటే, దానికి పొసగని ప్రకటన 'ఇన్‌వాలిడ్' అవుతుంది. సరిచూసే నెట్‌వర్క్‌లు దాన్ని పారేస్తాయి.

రోవాలో, ఎంత చిన్న ముక్క దాకా ప్రకటించవచ్చో చెప్పే మ్యాక్స్‌లెంత్ అనే గడి ఉంటుంది, జాగ్రత్త అవసరమైంది అక్కడే. /22కి మ్యాక్స్‌లెంత్ 22 అని ఒక్క రోవా పెడితే, మేం ప్రకటిస్తున్న /24 కూడా, 24 అనేది 22 కంటే ఎక్కువై, ఇన్‌వాలిడ్ అయిపోతుంది. విశాఖలో ఒక మిత్రుడు "24 అని పెట్టేయ్, గొడవ ఉండదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రోవా చివరి ఏఎస్‌నే చూస్తుంది, మధ్య దారిని చూడదు. ఎవరైనా దారి చివర మా నంబరు తగిలించి, మేం ప్రకటించని ఇంకో /24ని ప్రకటిస్తే, మ్యాక్స్‌లెంత్ 24 ఉన్నందువల్ల అది కూడా 'వాలిడ్' అనిపించుకుంటుంది. నిజంగా ప్రకటించేవాటికే రోవా ఇవ్వమని ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9319 కూడా చెబుతుంది. అందుకే రెండు పెట్టాను:

```
/22              maxLength 22  AS64500
203.0.113.0/24   maxLength 24  AS64500
```

పైన /22 ముందు మా ఐపీ తీసేశాను. సంతకమైన కాసేపటికి రోవాలు, వాటిని సరిచూసే వాలిడేటర్లకి చేరాయి, పాత ప్రకటన ఇన్‌వాలిడ్‌గా కనిపించింది. చాలా సైట్లు తిరిగి వచ్చాయి. పాత కంపెనీ సొంత కస్టమర్లకి మాత్రం మేం ఇంకా అందలేదు. వాళ్ళ ఇంట్లో పుట్టిన రూట్‌ని వాళ్ళ రౌటరే నమ్ముతుంది కదా. సరిచూడని కొన్ని నెట్‌వర్క్‌లూ అలాగే మిగిలాయి.

చివరికి పని చేసిన మెయిల్ పాత కంపెనీకి పంపింది కాదు, వాళ్ళకి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే పై కంపెనీకి పంపింది. మా ఐపీల్ని పాత కంపెనీ ప్రకటించవచ్చని అప్పట్లో మేం ఇచ్చిన అనుమతి లేఖ ఆధారంగా మా /24 ఆ పై కంపెనీ ఫిల్టర్ జాబితాలో ఉంది. ఆ లేఖ రద్దు చేస్తున్నామని రాసి, రోవా స్థితి జతచేశాను. ఆ జాబితాలోంచి మా /24ని తీసేశారు. తమ ప్రకటన ఎటూ పోవడం లేదని తెలిశాక, పాత కంపెనీ కూడా ఆ లైను తీసింది. ఇప్పుడు మా రౌటర్‌కి రూటినేటర్ అనే వాలిడేటర్ తగిలించి, బయటి నుంచి వచ్చే ఇన్‌వాలిడ్‌లను మేమూ పారేస్తున్నాం.

కంపెనీ మారబోయే చిన్న ఆపరేటర్లకి ఒకటే చెబుతాను. మీ ఏఎస్ పేరుతో రోవాలు సిద్ధంగా ఉంచుకోండి, కానీ పాతవాళ్ళ ప్రకటన మీదే ఇంకా నడుస్తుంటే మారే వేళ వరకు సంతకం చేయకండి, లేదంటే మీ నెట్ మీరే ఆపుకున్నట్లవుతుంది. అనుమతి లేఖ రద్దు కాగితం ముందే ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. పాత కంపెనీ పేరుతో ఉన్న మీ ముక్కల ప్రకటనలన్నీ లుకింగ్ గ్లాస్‌లో మాయమయ్యేవరకు వాళ్ళకి చివరి బిల్లు కట్టకండి.