ఒక్క 7486 ఐసీతో అయిపోయే పనికి రెండు రోజులు పట్టింది: నా కె-మ్యాప్ అనుభవం

మాది విజయనగరం. డిప్లొమా ఈసీఈ చదువుతున్నాను. ఈ సాయంత్రమే డిజిటల్ ల్యాబ్ రికార్డులో సంతకం పడింది. జరిగింది మర్చిపోకముందే రాస్తున్నాను.

సోమవారం నేను కాలేజీకి వెళ్లలేదు. సార్ బోర్డు మీద రాసిన ట్రూత్ టేబుల్‌ని మా ఫ్రెండ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. ఆ టేబుల్‌ని కె-మ్యాప్ అనే గడుల పటంలో నింపి, చిన్న సూత్రంగా కుదించి, ల్యాబ్‌లో సర్క్యూట్ కట్టాలి. ఇన్‌పుట్లు A, B, C, D నాలుగు, కాబట్టి 16 వరసలు. 0, 2, 5, 7, 8, 10, 15 వరసల్లో 1 స్పష్టంగా ఉంది. 1101, అంటే 13వ వరస మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి అక్కడ 0 ఉందో 1 ఉందో తెలియలేదు. మిగతావన్నీ 0.

ఫోన్ చేస్తే వాడు "ఏటిరా, కనబడకపోతే X పెట్టేయ్" అన్నాడు. అది తప్పు. ఆ ఇన్‌పుట్ ఎప్పటికీ రాదనో, వచ్చినా అవుట్‌పుట్ ఏదైనా ఫర్వాలేదనో తెలిసినప్పుడే X పెట్టాలి. మనకు కనబడకపోవడం వేరు. అక్కడ 0 ఉంటే జవాబే మారిపోతుంది. ఇంకో అమ్మాయి నోట్సు చూసి 1 అని చెప్పింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. సీనియర్ల జిరాక్స్ నోట్సులో కె-మ్యాప్ గడుల పైన 00, 01, 10, 11 అని ఉంది. అడ్డంగా, నిలువుగా అదే వరస. నమ్మి నింపాను. చదరంగం బల్లలా ఒక గడి విడిచి ఒక గడిలో 1 వచ్చింది. ఏ రెండు ఒకట్లూ పక్కపక్కన లేవు. అలా వస్తే అది ఎక్స్ఓఆర్ అని క్లాసులో విన్నాను కాబట్టి, నాలుగు ఇన్‌పుట్లనూ ఎక్స్ఓఆర్ చేసి చివర్లో నాట్ పెట్టాను. మంగళవారం ల్యాబ్‌లో వైర్లు కూడా గుచ్చేశాను.

సార్ వచ్చి స్విచ్చులన్నీ 0లో పెట్టారు. ఎల్ఈడీ వెలిగింది. C ఒక్కటే పైకి అన్నారు. ఆరిపోయింది. "నీ టేబుల్లో 0010కి ఎంత బాబూ?" అన్నారు. 1. "మరి ఎందుకు ఆరింది?" నా దగ్గర జవాబు లేదు. బ్యాచ్ అంతా చుట్టూ నిలబడి ఉండగా "ఈ అబ్బాయి సొంత కె-మ్యాప్ కనిపెట్టాడర్రా" అని గట్టిగా అన్నారు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ తప్పిందో చెప్పకుండా నలుగురిలో అలా అనడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ రాత్రి కూర్చుంటే విషయం అర్థమైంది. ఈ మ్యాప్‌లో పక్క గడికి వెళ్తే ఒక్క అంకె మాత్రమే మారాలి. అప్పుడే ఆ మారిన అక్షరాన్ని కొట్టేయగలం. 01 పక్కన 10 పెడితే రెండంకెలూ ఒకేసారి మారిపోతాయి. అందుకే వరస 00, 01, 11, 10 అని ఉండాలి. మళ్లీ నింపాను:

```
AB\CD  00 01 11 10
00      1  0  0  1
01      0  1  1  0
11      0  1  1  0
10      1  0  0  1
```

మధ్యలో నాలుగు ఒకట్లు ఒక గుంపు. వాటిలో A, C మారుతున్నాయి, B, D మాత్రం 1గానే ఉన్నాయి. కాబట్టి BD. నాలుగు మూలలూ ఇంకో గుంపు. మ్యాప్ కుడి అంచు ఎడమ అంచుకి, పై అంచు కింది అంచుకి పక్కదే కాబట్టి మూలలు కూడా కలుస్తాయి. అక్కడ B, D రెండూ 0. కాబట్టి B'D'.

```
F = BD + B'D'
```

A, C అసలు అక్కర్లేదు. ఇది మ్యాప్ లేకుండానే పట్టుకోవచ్చు: టేబుల్లో పై ఎనిమిది అవుట్‌పుట్లు, కింది ఎనిమిదీ ఒకేలా ఉన్నాయి. అంటే A మారినా ఫలితం మారడం లేదు. నేను ముందే అది చూసి ఉంటే, A కూడా ఉన్న ఆ ఎక్స్ఓఆర్ తప్పని మంగళవారమే తెలిసేది.

గేట్లుగా చెప్పాలంటే రెండు నాట్, రెండు యాండ్, ఒక ఓఆర్. అంటే 7404, 7408, 7432 అని మూడు ఐసీలు. కానీ B, D ఒకేలా ఉంటే 1, లేకపోతే 0 ఇచ్చేది ఎక్స్‌ఎన్ఓఆర్ గేటే. 7486లో నాలుగు ఎక్స్ఓఆర్ గేట్లు ఉంటాయి. మొదటి దానికి B, D ఇచ్చాను. దాని అవుట్‌పుట్‌ని రెండో గేటుకి ఇచ్చి, ఆ గేటు రెండో కాలుని 5 వోల్టులకి కట్టేశాను. అలా కడితే అది నాట్‌లా పనిచేస్తుంది. ఒక్క ఐసీతో పని అయిపోయింది. మా బ్యాచ్‌లో అలా కట్టింది నేనొక్కడినే.

ఈ రోజు సార్ అడగకముందే 16 వరసలూ స్విచ్చులు మార్చి చూపించాను. 1101 దగ్గర ఆయన ఆగి, నోట్సు చూసుకుని, ఎల్ఈడీ చూసి, పెన్ను తీసి సంతకం పెట్టారు.