రాజ్‌కుమార్ పేరులో పొల్లు

పొద్దున తొమ్మిదయింది. కళ్ళు మండుతున్నాయి కానీ నిద్ర పట్టడం లేదు, అందుకే రాసేస్తున్నాను.

బరంపురంలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో నాది నైట్ డ్యూటీ. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే తెలుగు పనులన్నీ నా మెడకే చుడతారు. నిన్న రాత్రిది ప్రథమ వర్ధంతి పోస్టరు. పైన శ్రద్ధాంజలి, మధ్యలో కుర్రాడి ఫోటో, దాని కింద తెలుగులో పెద్దగా పేరు, ఆ కింద ఒడియాలో చిన్నగా. పగటి డిజైనర్ వాట్సాప్‌లో ప్రూఫ్ పంపి, ఓకే తెచ్చుకుని ఇంటికి పోయాడు. రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లూ తీసి పెట్టేశారు. ఐదింటికి మిషన్ ఎక్కాలి.

ఒంటిగంటకు టీ గ్లాసుతో ప్లేట్ల గదిలోకి వెళ్ళాను. ఆఫ్‌సెట్ ప్లేటు మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడవు, మామూలుగానే చదవొచ్చు. మెజెంటా ప్లేటు మీద పేరు ఇలా ఉంది: రాజ్కుమార్. జకారానికి కొమ్ము, దాని కింద క ఒత్తు.

కారణం వెంటనే తెలిసింది. ఫోన్లో జ్ పక్కన కు కొడితే రెండూ అతుక్కుపోతాయి. మధ్యలో కనిపించని విడదీసే గుర్తు ఒకటి పడాలి, దాని సంగతి చాలామందికి తెలియదు. వాళ్ళింటి నుంచి అలా వచ్చిన మెసేజ్‌ని మా పగటి డిజైనర్ కన్వర్టర్‌లో వేసి, అను ఫాంట్‌లోకి మార్చి, చదవకుండా అతికించాడు. చదివి ఉంటే పది సెకన్ల పని.

అసలు చిక్కు వేరే. అది రాజ్‌కుమారా, రాజకుమారా? పొల్లు ఎక్కువ పడిందా, లేక విడదీయడం తప్పిందా? ఒడియా లైను చూశాను. వాళ్ళు రాజకుమార అనే రాస్తారు, రెండింటికీ అదే చెల్లుతుంది. ఓనర్‌కి ఫోన్ చేస్తే "ఓకే వచ్చింది కదా, వదిలెయ్" అని పెట్టేశాడు. ఈ "ఓకే వచ్చింది కదా" అన్న మాట కనిపెట్టినవాణ్ణి ఒక రాత్రి మా ప్రెస్సులో కూర్చోబెట్టాలి.

రెండింటికి ఆ కుర్రాడి తండ్రికే చేశాను.

"ఏటి బాబూ, ఈ వేళప్పుడు?"

"బాబుగారూ, మీ అబ్బాయి పేరు ఎలా రాయాలో ఒకసారి చెప్తారా?"

అటు నుంచి చాలాసేపు మాట లేదు. "ఇంట్లో రాజు అనే పిలిచేవోళ్ళం" అన్నాడు. తర్వాత ఆవిడని లేపాడు. పెట్టె మూత తెరిచిన చప్పుడు, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించాయి. అబ్బాయి పేరు తెలుగులో రాసి ఉన్న కాగితం వెతుకుతున్నారు. ఆవిడ ఒక్కో అక్షరం చదివింది: "రా... జ, జకి పొల్లు... కు..." మధ్యలో గొంతు ఆగిపోయింది. నేను ఫోన్ పట్టుకుని నిలబడే ఉన్నాను. పదకొండేళ్ళ సర్వీసులో ఎవరూ తిట్టకుండానే అంత సిగ్గుపడింది ఇదే మొదలు.

"నేను కళ్ళజోడు లేకుండా ఓకే అనేశాను బాబూ" అన్నాడు పెద్దాయన. తప్పు మాది, క్షమాపణ ఆయనది.

ఇక పని. ఫైల్లో అక్షరాలన్నీ కర్వ్స్ చేసి ఉన్నాయి, అంటే అవి బొమ్మలే, టైపు చేసి దిద్దలేం. అసలు ఫైలు పగటివాడి కంప్యూటర్లో, దానికి పాస్‌వర్డ్. ఆ ఫాంటు నా దగ్గర లేదు. అందుకని పోస్టర్లోంచే అక్షరాలు ఎత్తాను. శ్రద్ధాంజలిలోంచి జ, "కుటుంబ సభ్యులు"లోంచి కు, పేరు చివరి ర్ మీద ఉన్న పొల్లుకి ఒక కాపీ. అన్నీ ఒకే ఫాంటు కాబట్టి పేరు సైజుకి పెంచితే గీత మందం సరిపోయింది. కోరెల్‌లో Ctrl+K కొట్టి విడదీస్తే అక్షరాల్లోని సున్నాలు పూడుకుపోయి ముద్దలవుతాయి. లోపలి గీతనీ బయటి గీతనీ కలిపి పట్టి Ctrl+L కొడితే మళ్ళీ తెరుచుకుంటాయి. ఇది మా పగటివాడికి తెలియదని పందెం కాస్తాను.

పేరు రంగు మెజెంటా, పసుపు కలిసిన ఎరుపు. వెనక లేత పసుపే. కాబట్టి సయాన్, నలుపు ప్లేట్లలో పేరు జాడే లేదు, రెండు ప్లేట్లు తీస్తే చాలు. అయితే పేజీ సైజు, మూలల్లో క్రాస్ మార్కులు వెంట్రుకవాసి కదలకూడదు. కదిలితే కొత్త ప్లేట్లు పాతవాటి మీద కూర్చోవు, ఫోటోలో మొహానికి ఎర్రటి అంచు వస్తుంది.

నాలుగున్నరకి ప్లేట్లు వచ్చాయి. మిషన్ భాయికి తెలుగు రాదు. మొదటి షీట్లు లాగి, భూతద్దంతో క్రాస్ చూసి, అయిందని ఒడియాలో "హెలా" అన్నాడు. పేరు మాత్రం నేను మూడుసార్లు చదివాను.

ఇప్పుడు పేర్లు వాట్సాప్‌లో టైపు చేయొద్దంటున్నాను. కాగితం మీద రాసి ఫోటో పంపమంటున్నాను.

ఎనిమిదింటికి పెద్దాయన కట్టలు తీసుకోవడానికి వచ్చాడు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు. "ఫోటో కొంచెం నల్లగా వొచ్చింది బాబూ, మావోడు తెల్లగా ఉండేవోడు" అన్నాడు.