రెండు స్టాక్‌లతో క్యూ: కోడ్ సులువే, లెక్క దగ్గరే మార్కులు పోతాయి

గేట్ సీఎస్‌కి చదివేవాళ్లు ఈ టాపిక్‌ని పది నిమిషాల్లో దాటేస్తుంటారు. కోడ్ నాలుగు లైన్లే కదా అని. 2006 గేట్‌లో అడిగింది మాత్రం కోడ్ గురించి కాదు. ఖాళీ క్యూ మీద n ఇన్సర్ట్‌లు, m డిలీట్‌లు (m ≤ n) ఏ వరసలోనైనా జరిగితే మొత్తం పుష్‌లు x, పాప్‌లు y ఎంతెంత మధ్య ఉంటాయి అన్నది ప్రశ్న. అది చేతికి వచ్చిందంటే ఈ టాపిక్‌లో మిగతావన్నీ దాని వెనకే వచ్చేస్తాయి.

ముందు కోడ్. `s1`, `s2` రెండూ మొదట ఖాళీ స్టాక్‌లు. ఇన్సర్ట్ అంటే `s1` మీదకి ఒక పుష్, అంతే. డిలీట్ ఇలా ఉంటుంది:

```python
def dequeue():
    if not s2:
        while s1:
            s2.append(s1.pop())
    return s2.pop() if s2 else None
```

మన వైజాగ్ స్టాపులతోనే రఫ్ షీట్ మీద వేసి చూడండి. గాజువాక, ఎన్ఏడీ ఈ వరసలో ఇన్సర్ట్ చేశారు. `s1`లో పైన ఎన్ఏడీ, అడుగున గాజువాక ఉన్నాయి. ఇప్పుడు డిలీట్ పిలిస్తే `s2` ఖాళీ కాబట్టి రెండూ అందులోకి బోర్లపడతాయి. గాజువాక పైకొచ్చి బయటికి పోతుంది, `s2`లో ఎన్ఏడీ మిగులుతుంది. తర్వాత మద్దిలపాలెం ఇన్సర్ట్ చేశారు, అది `s1`లో ఉంది. ఈసారి డిలీట్ పిలిస్తే ఏ కదలికా అక్కర్లేదు, `s2` పైనున్న ఎన్ఏడీ నేరుగా వచ్చేస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. `if not s2` అన్న లైన్ మర్చిపోతే మద్దిలపాలెం వెళ్లి ఎన్ఏడీ నెత్తిన కూర్చుంటుంది, ముందుగా అదే బయటికొస్తుంది. ఒక్కో ఇన్సర్ట్ తర్వాత ఒక్కో డిలీట్ పెట్టి టెస్ట్ చేస్తే ఈ తప్పు బయటపడదు. రెండు ఇన్సర్ట్‌లు, ఒక డిలీట్, ఒక ఇన్సర్ట్, ఒక డిలీట్ వరస పెడితే వెంటనే దొరుకుతుంది.

ఇంకో తప్పులో జవాబు సరిగ్గానే వస్తుంది, టైమ్ మాత్రం తినేస్తుంది. డిలీట్ అయ్యాక మిగిలినవాటిని మళ్లీ `s1`లోకి తిరగేయడం. 1000 ఇన్సర్ట్‌లు చేసి 1000 డిలీట్‌లు చేస్తే, సరైన పద్ధతిలో 2000 పుష్‌లు, 2000 పాప్‌లు. తిరగేసే పద్ధతిలో డిలీట్‌లకే పుష్‌లు పది లక్షలు అవుతాయి, ఎందుకంటే క్యూలో k ఉన్నప్పుడు ఒక్క డిలీట్‌కే 2k − 1 పుష్‌లు పడతాయి. కూడితే n².

ఇక అసలు లెక్క. `s1` నుంచి `s2`కి మొత్తం t ఐటమ్‌లు మారాయనుకోండి. ప్రతి ఇన్సర్ట్‌కి ఒక పుష్, ప్రతి మార్పుకి ఇంకో పుష్, కాబట్టి x = n + t. అలాగే ప్రతి మార్పుకి ఒక పాప్, ప్రతి డిలీట్‌కి ఒక పాప్, కాబట్టి y = m + t. బయటికి పోయిన m ఐటమ్‌లూ `s2` దాటే పోవాలి కనుక t కనీసం m. ఒక ఐటమ్ రెండోసారి మారదు కనుక t గరిష్ఠం n. అంతే, n + m ≤ x ≤ 2n, 2m ≤ y ≤ n + m వచ్చేశాయి. బట్టీ పట్టనక్కర్లేదు, t ఒక్కటి గుర్తుంటే చాలు.

n = 5, m = 2 తీసుకోండి. ఐదూ ముందే ఇన్సర్ట్ చేసి రెండు డిలీట్ చేస్తే t = 5, అంటే x = 10, y = 7. ఇన్సర్ట్, డిలీట్, ఇన్సర్ట్, డిలీట్, చివర మూడు ఇన్సర్ట్‌లు అయితే t = 2, అంటే x = 7, y = 4. రెండుచోట్లా x − y మూడే, క్యూలో మిగిలినవి కూడా మూడే. పరీక్షలో మీ జవాబు సరిచూసుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. ఒక్క జాగ్రత్త: ఖాళీ క్యూ మీద పిలిచిన డిలీట్‌కి పాప్ ఉండదు, దాన్ని m లో కలపకండి.

డిలీట్ సగటున చవక అనడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఒక ఐటమ్ జీవితకాలంలో రెండు పుష్‌లు, రెండు పాప్‌లు మించవు. ఇన్సర్ట్ దగ్గరే మూడు రూపాయలు వసూలు చేశారనుకోండి. ఒకటి ఆ పుష్‌కి పోతుంది, మిగతా రెండు ఆ ఐటమ్ జేబులోనే ఉంటాయి. `s2`కి మారేటప్పుడు పడే పాప్‌కీ పుష్‌కీ ఆ రెండూ సరిపోతాయి. డిలీట్ తన చివరి పాప్‌కి ఒక్క రూపాయి కడితే చాలు. 1000 ఐటమ్‌లు ఒక్కసారే మారే డిలీట్‌కి నిజంగా 2001 పనులు పడతాయి, కానీ అందులో 2000కి డబ్బు ముందే కట్టేసి ఉంది. జేబుల్లో ఉన్న మొత్తం ఎప్పుడూ `s1` సైజుకి రెట్టింపు. పొటెన్షియల్ ఫంక్షన్ అడిగితే రాయాల్సింది అదే.

ఈ సగటులో ప్రాబబిలిటీ ఎక్కడా లేదు. ఇన్‌పుట్ ఎంత చెడ్డ వరసలో వచ్చినా మొత్తం O(n + m) దాటదు. కానీ ప్రశ్నలో 'ఒక్క డిలీట్‌కి వరస్ట్ కేస్' అని ఉంటే జవాబు Θ(n). ఆ రెండు మాటల మధ్య తేడా మీదే ఆప్షన్లు అల్లుతారు. పాత స్థితికి వెనక్కి వెళ్లే వీలున్న చోట ఈ సగటు నిలవదని కూడా తెలుసుకోండి. 1000 ఐటమ్‌లు `s1`లో ఉన్న స్థితిని దాచుకుని, డిలీట్ చేయడం, మళ్లీ అదే స్థితికి రావడం, మళ్లీ డిలీట్ చేయడం అంటూ పోతే ప్రతిసారీ 2001 పడుతుంది, ఎందుకంటే జేబులో దాచిన డబ్బు ఒక్కసారి ఖర్చుకే సరిపోతుంది.