గా పిల్ల ఎవరంట?

నిద్ర పట్టడం లేదు. ఆయనకు పడుకోగానే గురక మొదలైంది. అత్తమ్మ దగ్గు ఇప్పుడే తగ్గింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుతూ నెస్లే పెద్దాయన సంగతి చదివి వినిపించాను. మా చిన్నది తినే మ్యాగీ కంపెనీ అది. లారెంట్ ఫ్రెక్స్ అనే ఆయన దాదాపు నలభై ఏళ్లు అదే కంపెనీలో చేసి సీఈఓ అయ్యాడు. ఆ కుర్చీలో ఏడాదే కూర్చున్నాడు. 2025 సెప్టెంబరులో తీసేశారు. తన కిందే పనిచేసే ఉద్యోగినితో ప్రేమ నడిపి, కంపెనీకి చెప్పకుండా దాచాడట. మొదటి విచారణలో ఏమీ తేలలేదు. ఫిర్యాదులు ఆగకపోయేసరికి బయటి లాయర్లను పెట్టి మళ్లీ విచారణ చేయించారు. పోతూ పోతూ చేతికిచ్చే ప్యాకేజీ కూడా లేదు.

నేనింకా పూర్తి చేయనే లేదు, పక్క టేబుల్ నుంచి "గా పిల్ల ఎవరంట?" అని అడిగారు. ఇంకొకరు "ఫొటో ఉందా?" అన్నారు. కంపెనీ ఆమె పేరు బయటపెట్టలేదని చెప్తే, సినిమా సగంలో కరెంటు పోయినట్టు మొహాలు పెట్టారు. ఉద్యోగం పోయింది ఆయనకి, వీళ్లకు కావలసింది ఆమె ఊరూ పేరూ! అన్నం సహించలేదు. సాయంత్రం గడియారం సెంటర్‌లో కూరగాయలు కొంటున్నంతసేపూ అదే మంట. టమాటాలాయనతో కూడా ఊరికే గొడవపడ్డాను.

మంట ఆ మాట ఒక్కదానికే కాదు. మా పాత ఆఫీసు గుర్తొచ్చింది, పెళ్లికి ముందు చేసిన ఫైనాన్స్ కంపెనీ. అక్కడొక అక్క ఉండేది. చందంపేట వైపు ఊళ్లు తిరిగి, మహిళా గ్రూపుల లోన్ ఫైళ్లు తయారుచేసి సిస్టంలో ఎక్కించేది. ఎక్కించేవాళ్లను మేకర్ అంటాం, సరిచూసి ఓకే చేసేవాళ్లను చెకర్. ఒకరి లాగిన్‌తో రెండు పనులూ కావు, అదే కట్టడి. అక్క మేకర్, బ్రాంచి మేనేజర్ చెకర్. ఇద్దరికీ పెళ్లి కాలేదు, ఇద్దరికీ ఇష్టం. ఆ ఏడాది అక్కకు అప్రైజల్‌లో మంచి గ్రేడు వచ్చింది. ఎండలో తిరిగి తెచ్చుకున్న గ్రేడది, నాకు తెలుసు. "సారు ఏసిన మార్కులు గవి" అన్నారు.

తర్వాత హైదరాబాదుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది. ఆడిట్ వాళ్లొచ్చి, అక్క ఎక్కించి ఆయన ఓకే చేసిన ఫైళ్లన్నీ తిరగేశారు. గ్రూపు మెంబర్ల ఇళ్లకు పోయి "డబ్బు పూర్తిగా ముట్టిందా, కమీషన్ ఎవరన్నా అడిగారా" అని అడిగారు. ఒక్క తప్పూ దొరకలేదు. కానీ ఆడిట్ వాళ్లు తన పేరు చెప్పి ఇల్లిల్లూ అడిగాక, అక్క ఆ ఊళ్లలోకి మళ్లీ ఏ మొహంతో పోవాలి? అక్కను అచ్చంపేట వేశారు. ఆయన ప్రమోషన్ మీద మహబూబ్‌నగర్ పోయాడు. పెళ్లి మాట అక్కడే ఆగిపోయింది.

ఇదంతా తలుచుకుని, ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టంతో కంపెనీలకేం పని అని రాద్దామనే ఫోన్ తీశాను. రాస్తుంటే మనసు మారుతోంది. చెకర్ ఉన్నదే మేకర్‌ను అనుమానించడానికి. ప్రేమించిన మనిషి ఫైలును ఎవరు అనుమానిస్తారు? వాళ్లిద్దరూ నిజాయితీగా ఉన్నారు సరే, ఆ సంగతి బయటివాడికి ఎట్లా తెలియాలి? ముందే చెప్పి ఉంటే అక్క ఫైళ్లు వేరే మేనేజర్ లాగిన్‌కు మళ్లించేవాళ్లు, అప్రైజల్ ఇంకొకరు రాసేవాళ్లు. అప్పుడు ఆ గ్రేడును ఎవరూ వేలెత్తి చూపలేరు. నెస్లేలో కూడా ప్రేమించడం ఒక్కటే కాదు, కింద పనిచేసే మనిషి కావడం, అది చెప్పకపోవడం తప్పయింది.

కానీ చెప్పాలంటే ఎవరికి చెప్పాలి? అప్పుడు మా హెచ్చార్ అంటే హైదరాబాదులో ఎత్తని ఒక ఫోన్ నంబరు. రీజనల్ సారుకు చెప్తే సాయంత్రానికి మిర్యాలగూడ బ్రాంచికి కూడా తెలిసిపోయేది. పెళ్లయిన జంటకైతే సర్కారీ కొలువుల్లో స్పౌజ్ కేటగిరీ కింద ఒకే చోటికి బదిలీ అడిగే దారుంది. ఇంకా పెళ్లి కాని ఇష్టాన్ని ఏ కాగితం మీద రాసిస్తారు? నిశ్చితార్థమైతే శుభలేఖ చూపించొచ్చు. అంతవరకూ ఆ అమ్మాయి పేరే నలుగురి నోళ్లలో నానాలి.

ఇప్పుడు మా బ్రాంచిలోనూ ఇద్దరున్నారు. నాకు అనుమానమే, ఇంకెవరూ పట్టలేదు. ఆ పిల్ల ఎక్కించే ఫైళ్లు ఆ అబ్బాయి లాగిన్‌కే పోతున్నాయి. ప్రేమ గురించి నేనేమీ అడగను. "పని ఎక్కువైందని చెప్పి చెకర్‌ను మార్పించుకో" అని మాత్రం ఆమెతో అనాలనుంది. నేను కనిపెట్టానని తెలిస్తే ఆ పిల్ల రేపటి నుంచి నాతో కలిసి తింటుందా అన్నదే డౌటు.